నలుగురి డబ్బులు, ఒకడి అకౌంట్

డిసెంబరు సేల్ దగ్గర పడగానే విశాఖ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక లెక్క మొదలవుతుంది. గేము మూడు వేలు, మనం నలుగురం, తలా 750. ఒక కొత్త అకౌంట్ తెరిచి, అందులో కొనేసి, పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయినట్టే. హాస్టల్లో ఉండి చదువుకునేవాడికి మూడు వేలంటే చిన్న మొత్తం కాదు కాబట్టి ఈ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. నలుగురు కలిసి ఖర్చు పంచుకోవడం తప్పని నేననను. నా అభ్యంతరమల్లా ఒక్కటే. డబ్బుని నాలుగు భాగాలు చెయ్యొచ్చు గానీ అకౌంట్‌ని చెయ్యలేం. అది ఎప్పటికీ ఒక్క మనిషిదే. ఈ సంగతి నలుగురికీ తెలిసేసరికి సాధారణంగా ఆలస్యమైపోతుంది.

నేను ద్వారకానగర్ వైపు కంప్యూటర్లు అసెంబుల్ చేసే పనిలో ఉన్నాను. గ్రాఫిక్స్ కార్డు మార్పించుకోవడానికో, ఎస్ఎస్‌డీ వేయించుకోవడానికో వచ్చినవాళ్లు పని అవుతుండగా మెల్లిగా అడుగుతారు, "అన్నా, మా స్టీమ్ అకౌంట్ లాక్ అయిపోయింది, ఏమన్నా చెయ్యగలవా?" అని. నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు. కానీ ఎలా జరిగిందని అడిగితే కథ బయటికొస్తుంది. ఇన్నాళ్లుగా వింటున్న ఈ కథలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. పీసీ గేములు కొనేవాళ్లలో ఎక్కువమంది స్టీమ్‌లోనే కొంటారు కాబట్టి, స్టీమ్ సంగతే పట్టుకుని వివరంగా చెబుతాను. మిగతా చోట్ల పేర్లు మారతాయి గానీ తీరు పెద్దగా మారదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. "పాస్‌వర్డ్ ఇస్తే వెంటనే బ్యాన్ చేసేస్తారు" అని కొందరు భయపెడతారు. రెండు వేర్వేరు చోట్ల నుంచి లాగిన్ అయ్యారన్న ఒక్క కారణంతో అకౌంట్ మూసేయడం నేను పెద్దగా చూడలేదు. అందుకే "మేం మూడేళ్లుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు" అనే మాట అంత తేలిగ్గా వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. స్టీమ్ వాడేవాళ్లంతా ఒప్పుకునే సబ్‌స్క్రైబర్ అగ్రిమెంట్‌లో పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదనీ, అకౌంట్ ఇంకొకరికి వాడుకోవడానికి ఇవ్వకూడదనీ ఉంటుంది. అమ్మకూడదు, డబ్బు తీసుకుని వాడనివ్వకూడదు, బదిలీ చెయ్యకూడదు. దాంతోపాటు, ఆ అకౌంట్ నుంచి జరిగే ప్రతి పనికీ అకౌంట్ ఉన్నవాడే బాధ్యుడనే షరతు కూడా ఉంది. ఎవరూ పట్టించుకోని ఈ షరతే చివరికి మెడకు చుట్టుకుంటుంది. మీ పాస్‌వర్డ్‌తో ఎవరు ఆడినా, ఏం చేసినా, కంపెనీ దృష్టిలో అది మీరు చేసినట్టే.

బండి ఎవరు నడిపినా, సిగ్నల్ దగ్గర కెమెరా తీసిన ఫొటోతో చలానా ఆర్‌సీలో పేరున్నవాడి ఫోన్‌కే వస్తుంది కదా, ఇదీ అంతే. ఒకటే తేడా. అక్కడ నడిపింది నేను కాదని చెప్పుకోవడానికైనా ఒక చోటుంది. ఇక్కడ ఆ మాట అన్నారంటే, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇచ్చానని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇంకో సంగతి. స్టీమ్‌లో గేము కొంటే ఆ గేము మీ సొంతం కాదు, వాడుకునే లైసెన్సు మాత్రమే దొరుకుతుంది. 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే పేజీలోనే ఈ సంగతి రాసి ఉంటోంది. లైసెన్సు అకౌంట్‌కి అతుక్కుని ఉంటుంది. ఒక అకౌంట్‌లో కొన్న గేముని రెండో అకౌంట్‌లోకి మార్చడానికి దారి లేదు. స్టీమ్ వాలెట్‌లో మిగిలిన డబ్బుకీ లేదు. అంటే నలుగురు కలిసి కొన్నది, విడిపోయే రోజున నాలుగు ముక్కలు కాదు. ఒకడికి మొత్తం, ముగ్గురికి సున్నా.

ఇప్పుడొక కథ. నలుగురిని పేట పేర్లతోనే పిలుస్తాను: గాజువాక, ఎంవీపీ, మధురవాడ, సీతమ్మధార. మొత్తాలు కొంచెం మార్చాను, జరిగిన తీరు మార్చలేదు. నలుగురూ ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. తలా 2,500 వేసుకుని, 10,000 రూపాయలతో ఒక స్టీమ్ అకౌంట్ మొదలుపెట్టారు. ఈమెయిల్ గాజువాకవాడిది. డబ్బు కట్టింది ఎంవీపీవాడు, మిగతావాళ్లు వాడికి యూపీఐలో పంపారు. లాగిన్‌కి కోడ్ ఇచ్చే స్టీమ్ గార్డ్ పెట్టింది మధురవాడవాడి ఫోన్‌లో, ఎందుకంటే కౌంటర్ స్ట్రైక్ 2 గేములో స్కిన్లు, అంటే తుపాకులకి తొడిగే రంగుల డిజైన్లు, కొని అమ్మే సరదా వాడికే ఉంది. సీతమ్మధారవాడి దగ్గర పాస్‌వర్డ్ తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడే కాస్త ఆగి చూడండి. గొడవ మొదలవకముందే ఈ అకౌంట్ తాళాలు ముగ్గురి దగ్గర ఉన్నాయి. ఈమెయిల్ ఉన్నవాడు పాస్‌వర్డ్ మార్చేయగలడు. డబ్బు కట్టినవాడి దగ్గర కొనుగోలు ఆధారం ఉంది. ఫోన్‌లో కోడ్ వచ్చేవాడు ఒప్పుకోకపోతే కొత్త కంప్యూటర్‌లో ఎవరూ లాగిన్ కాలేరు. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కాబట్టి, రాత్రి ఒంటిగంటకి గ్రూపులో "కోడ్ పంపరా" అనే మెసేజ్ రావడం, వాడు నిద్రపోతుంటే మిగతావాళ్లు తిట్టుకోవడం ఈ పద్ధతిలో భాగమే. ఈ గోల పడలేక చాలా గ్రూపులు యాప్ తీసేసి, కోడ్ ఈమెయిల్‌కి వచ్చేలా పెట్టుకుని, ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా అందరికీ ఇచ్చేస్తాయి. అప్పుడిక అకౌంట్‌కి రెండో కాపలా అంటూ ఏదీ మిగలదు.

మొదటి నష్టం చాలా చప్పగా జరిగింది. మూడో గేము 2,400 పెట్టి కొన్నారు. స్టీమ్‌లో రీఫండ్ రావాలంటే కొని 14 రోజులు దాటకూడదు, ఆడిన సమయం రెండు గంటలు దాటకూడదు. కొన్న రాత్రే సీతమ్మధారవాడు తెల్లవారేదాకా ఆడాడు. మర్నాడు గాజువాకవాడు తెరిస్తే వాడి పాత గ్రాఫిక్స్ కార్డు మీద గేము నత్తనడక. మధురవాడవాడి లాప్‌టాప్‌లో అసలు మొదలే కాలేదు. నలుగురిలో ఇద్దరికి పనికిరాని గేము కాబట్టి వెనక్కి ఇచ్చేద్దామనుకున్నారు. కానీ లెక్కలో ఆడిన సమయం ఆరేడు గంటలు చూపిస్తోంది. స్టీమ్ లెక్క మనిషిని బట్టి ఉండదు, అకౌంట్‌ని బట్టే ఉంటుంది. గాజువాకవాడు ఆడింది పది నిమిషాలే అయినా, వాడి రీఫండ్ హక్కుని స్నేహితుడు ముందురోజు రాత్రే వాడేశాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అందుకే నాకు ఈ ఉదాహరణ ఎక్కువ నచ్చుతుంది. నమ్మకస్తులైన స్నేహితులతో కూడా ఇది ఇలాగే జరుగుతుంది.

రెండోది సేవ్ ఫైళ్ల గొడవ. ఒక అకౌంట్ మీద ఒకేసారి ఇద్దరు ఆన్‌లైన్‌లో ఆడలేరు. రెండోవాడు గేము మొదలుపెడితే మొదటివాడి ఆట ఆగిపోతుంది. దీనికి అందరూ వాడే చిట్కా ఆఫ్‌లైన్ మోడ్. ఒకడు నెట్ తీసేసి ఆడతాడు, ఇంకొకడు ఆన్‌లైన్‌లో ఆడతాడు. ఆఫ్‌లైన్‌లో ఆడినవాడు మళ్లీ నెట్ పెట్టగానే, క్లౌడ్‌లో ఉన్న సేవ్ ఒకటి, కంప్యూటర్‌లో ఉన్నది ఇంకొకటి, రెండింట్లో ఏది ఉంచాలని స్టీమ్ అడుగుతుంది. తేదీలు చూసుకోకుండా ఒకటి నొక్కితే రెండోవాడి ఆట చెరిగిపోతుంది. సెమిస్టర్ సెలవులంతా ఆడిన ఆట ఎంవీపీవాడికి ఇలాగే పోయింది. దీనివల్ల డబ్బు పోదు, బ్యాన్ రాదు. కానీ గ్రూపులో మొదటి కోపం పుట్టింది ఇక్కడే.

అసలు దెబ్బ కౌంటర్ స్ట్రైక్ వైపు నుంచి వచ్చింది. సీతమ్మధారవాడి తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. అన్న కంప్యూటర్‌లో అకౌంట్ ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది కాబట్టి వాడికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. యూట్యూబ్ వీడియో కింద ఉన్న లింకు నుంచి గోడల వెనక ఉన్నవాళ్లు కనిపించే చీట్ ఒకటి దించుకుని, రెండు మూడు రోజులు ఆడి తీసేశాడు. ఆ రోజుల్లో ఏమీ కాలేదు. స్టీమ్‌ని నడిపే కంపెనీ వాల్వ్. చీట్లని పట్టడానికి అది పెట్టిన కాపలా ప్రోగ్రాం వాల్వ్ యాంటీ చీట్, పొట్టిగా వ్యాక్. అది పట్టుకున్న వెంటనే ప్రతిసారీ బ్యాన్ వేయదు. ఒక్కోసారి మ్యాచ్ మధ్యలోనే ఆపేస్తుంది, ఒక్కోసారి గుర్తించాక కొంతకాలం ఆగి వేస్తుంది. చీట్ తయారుచేసేవాళ్లకి ఏ మార్పు వల్ల దొరికిపోయారో తెలియకుండా ఉండటానికి ఈ ఆలస్యం. మామూలుగా ఆడేవాళ్లకి దీనివల్ల లాభమే. నలుగురు పంచుకునే అకౌంట్‌లో మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. బ్యాన్ పడిన రోజున ఆడుతున్నది మధురవాడవాడు. అందరూ ముందు వాడినే అనుమానించారు. అసలు కారణం బయటపడడానికి చాలా రోజులు పట్టింది.

వ్యాక్ బ్యాన్ గురించి వాల్వ్ మాట సూటిగా ఉంటుంది. అది శాశ్వతం, బేరం లేదు, స్టీమ్ సపోర్ట్‌కి కూడా దాన్ని తీసేసే వీలు లేదు. "ఏటన్నా, వాళ్ల తమ్ముడు ఆడితే మా అందరికీ బ్యాన్ ఏటి?" అని మధురవాడవాడు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాల్వ్ వైపు నుంచి ఆలోచిస్తే, ఆ మాటని నమ్మడం మొదలుపెట్టిన రోజున ప్రతి చీటరుకీ ఒక తమ్ముడు పుడతాడు. అందుకే ఆ సాకు అక్కడ చెల్లదు.

బ్యాన్ పడితే అకౌంట్ మొత్తం పోతుందనుకుంటారు గానీ అలా కాదు. పోయేది ఆ గేములో వ్యాక్ కాపలా ఉన్న సర్వర్లలో ఆడే హక్కు. మిగతా గేములు అలాగే ఉంటాయి. అయితే బ్యాన్ పడ్డ గేముకి రీఫండ్ హక్కు పోతుంది, ఆ గేము స్కిన్లని మార్కెట్‌లో అమ్మలేం, ఎవరితోనూ ట్రేడ్ చెయ్యలేం. ప్రొఫైల్ పేజీలో అందరికీ కనపడేలా `1 VAC ban on record` అని రాసి ఉంటుంది. మనవాళ్ల 10,000లో దాదాపు 3,000 స్కిన్లలోనే ఉంది. మధురవాడవాడు సొంతంగా వేసుకున్నది ఇంకా అదనం. ఆ స్కిన్లు ఇప్పటికీ ఇన్వెంటరీలో కనిపిస్తాయి. అంతకుమించి వాటితో ఏ ప్రయోజనమూ లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉచితంగా దొరికే చీట్లలో చాలావాటి వెనక పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న సెషన్లు దొంగిలించే ప్రోగ్రాములు ఉంటాయి. సెషనే చేజిక్కితే దొంగకి స్టీమ్ గార్డ్ కోడ్ అవసరం లేకుండానే పని అయిపోవచ్చు. నాలుగు కంప్యూటర్లలో తెరిచి ఉన్న అకౌంట్‌కి భద్రత ఎంతంటే, ఆ నాలుగింట్లో అన్నిటికంటే అజాగ్రత్తగా వాడే కంప్యూటర్‌కి ఎంత ఉందో అంతే.

బ్యాన్ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. బ్యాన్ వల్ల పోయినదాని కంటే, దాన్నుంచి బయటపడబోయి పోగొట్టుకున్నదే ఎక్కువ. ఎంవీపీవాడు విసిగిపోయి, నా వాటా నాకిచ్చేయండి అన్నాడు. ఎవరి దగ్గరా డబ్బు లేదు. మాటా మాటా పెరిగింది. గాజువాకవాడు ఈమెయిల్ తనదే కాబట్టి పాస్‌వర్డ్ మార్చేశాడు. ఎంవీపీవాడు ఆ చివరి 2,400ని వాళ్ల నాన్నగారి క్రెడిట్ కార్డుతో కట్టాడు. నాన్నగారు ఆ లావాదేవీ ఏంటో తనకు తెలియదని బ్యాంకుకి ఫిర్యాదు చేశారు. కొడుకు చెప్పి చేయించాడా, ఆయనే స్టేట్‌మెంట్ చూసి చేశారా అన్నది నేను తవ్వలేదు.

బ్యాంకు డబ్బు వెనక్కి లాగిన వెంటనే స్టీమ్ ఆ అకౌంట్‌ని కట్టేస్తుంది. కొత్తగా కొనడం, ట్రేడింగ్, మార్కెట్ అన్నీ ఆగిపోతాయి, వివాదం తేలేదాకా. 2,400 కోసం పెట్టిన ఫిర్యాదు 10,000 అకౌంట్‌కి తాళం వేసింది. దాన్ని విప్పించడానికి దారి ఒకటే: ఫిర్యాదు పెట్టినవాళ్లే బ్యాంకులో దాన్ని వెనక్కి తీసుకోవాలి, లేదా ఆ డబ్బు స్టీమ్‌కి తిరిగి చేరాలి. మిగతా ముగ్గురూ కలిసి ఆ 2,400 నాన్నగారికి ఇచ్చి, ఆయన్ని ఒప్పించి, ఫిర్యాదు వెనక్కి తీయించారు. అంటే ఆ గేముకి వాళ్లు రెండోసారి డబ్బు కట్టినట్టే. వెనక్కి ఇచ్చేద్దామనుకున్న గేము కూడా అదే.

ఈ మధ్యలో ఇద్దరు వేర్వేరుగా స్టీమ్ సపోర్ట్‌కి రాశారు, అకౌంట్ నాదంటే నాదని. పోయిన అకౌంట్ తిరిగి ఇవ్వడానికి సపోర్ట్ అడిగేవి మొదట పెట్టిన ఈమెయిల్, ఫోన్ నంబరు, డబ్బు కట్టిన ఆధారం. దొంగ ఎత్తుకుపోయిన అకౌంట్‌ని అసలు మనిషికి ఇప్పించడానికి చేసిన ఏర్పాటు అది. ఇద్దరు స్నేహితుల మధ్య పంపకం చేసే పెద్దమనుషుల పంచాయితీ అక్కడ లేదు. ఒకడి దగ్గర ఈమెయిల్, ఇంకొకడి దగ్గర కార్డు ఉంటే, ఎవరు నిజం చెబుతున్నా చెప్పాల్సిన అసలు నిజం మాత్రం చెప్పుకోలేనిది: మేం నలుగురం పాస్‌వర్డ్ పంచుకున్నాం.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "మా గ్రూపులో అలాంటివాళ్లు లేరన్నా." ఉండకపోవచ్చు. ఈ కథలో మోసగాడు ఎవరో చెప్పండి చూద్దాం. రాత్రంతా ఆడినవాడా? తమ్ముడి చేతికి కంప్యూటర్ ఇచ్చినవాడా? నాన్నగారి కార్డు వాడినవాడా? ఒక్కొక్కరూ మామూలు మనుషులు చేసే పనే చేశారు. అవి వేర్వేరు అకౌంట్లలో జరిగి ఉంటే ఎవరి నష్టం వాళ్లకే పరిమితమయ్యేది. అన్నీ ఒకే అకౌంట్‌లో జరిగాయి కాబట్టి అందరి తప్పులూ అందరి నెత్తిమీదా పడ్డాయి.

ఇంకో జవాబు డబ్బు గురించి. ఇది గట్టి వాదనే, కాబట్టి లెక్కతోనే మాట్లాడదాం. మూడు వేల గేములో పావు వాటా 750. అదే గేము పాతబడ్డాక సేల్‌లో 75 శాతం తగ్గితే సొంత అకౌంట్‌లో కొన్నా 750. అంటే పాస్‌వర్డ్ పంచుకుని మిగిల్చుకునేది డబ్బు కాదు, వేచి ఉండాల్సిన కాలం. అన్ని గేములూ 75 శాతం దాకా తగ్గవు, కొన్ని పెద్ద గేములు అంత దిగడానికి ఏళ్లు పడుతుంది, నిజమే. కానీ ఒంటరిగా ఆడుకునే గేముల్లో చాలావాటి ధర రెండు మూడేళ్లలో సగానికో, అంతకన్నా కిందికో వస్తుంది. విష్‌లిస్టులో పెట్టుకుంటే తగ్గిన రోజున స్టీమే మెయిల్ పంపుతుంది. మధ్యలో ఆడుకోవడానికి ఏదీ లేదనేవాడు నాకింకా కనపడలేదు.

కలిసి ఆడటమే ఉద్దేశమైతే పాస్‌వర్డ్ లేకుండానే దారులున్నాయి. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడే గేములని స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ ద్వారా వేర్వేరు ఇళ్ల నుంచి ఆడొచ్చు. గేము ఒక్కరు కొంటే చాలు, రెండోవాడు తన సొంత అకౌంట్‌తోనే చేరతాడు. గేము నడిచేది కొన్నవాడి కంప్యూటర్‌లో కాబట్టి రెండోవాడికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు. నెట్ మాత్రం బాగుండాలి. ఇట్ టేక్స్ టూ లాంటి కొన్ని గేముల్లో ఫ్రెండ్స్ పాస్ ఉంటుంది. ఒకరు కొంటే రెండోవాడు ఉచితంగా దించుకుని ఆ ఆటలో చేరవచ్చు.

ప్లేస్టేషన్ ఉన్నవాళ్లకి నా సలహా ఇంకా పాతకాలపుది. డిస్కులు కొనండి. నలుగురు నాలుగు డిస్కులు కొని మార్చుకుంటే ఎవరి అకౌంట్ వాళ్లదే, ఎవరి సేవ్ వాళ్లదే, చివరికి ఎవరి డిస్కు వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు కూడా. డిస్కు డ్రైవ్ లేని పీఎస్5 కొన్నవాళ్లకి, డ్రైవ్ విడిగా కొని తగిలించుకునే మోడల్ అయితే తప్ప, ఈ వీలు లేదు, కొనేముందు అది కూడా ఆలోచించుకోవాలి. ఒకరి డిజిటల్ అకౌంట్‌ని ఇంకొకరి కన్సోల్‌లో యాక్టివేట్ చేసి ఇద్దరూ ఆడే పద్ధతి కూడా మన దగ్గర బాగా నడుస్తోంది. దానికీ ఆ కన్సోల్‌లో ఆ అకౌంట్‌తో లాగిన్ అవ్వాల్సిందే. ఆ అకౌంట్ సస్పెండ్ అయితే ఇద్దరికీ గేములుండవు.

ఫోన్ గేముల్లో ఇది ఇంకా ముదిరింది. బీజీఎంఐ ఆడేవాళ్లు, అందులో బహుమతుల కోసం కొనే రాయల్ పాస్ ఖర్చు పంచుకుందామని గూగుల్ లాగిన్ ఇచ్చేస్తున్నారు. గూగుల్ పాస్‌వర్డ్ ఇవ్వడమంటే గేము ఒక్కటే ఇవ్వడం కాదు. మెయిల్, ఫొటోలు, డ్రైవ్‌లో పెట్టిన ఆధార్ కాపీ, ఆ మెయిల్‌తో తెరిచిన మిగతా అకౌంట్లన్నిటి పాస్‌వర్డ్‌లు మార్చుకునే వీలు, అన్నీ ఇచ్చినట్టే. ఒక పాస్ ఖర్చులో సగం మిగుల్చుకోవడానికి ఇదెంత ఖరీదైన బేరమో వేరే చెప్పక్కర్లేదు.

సరే, కుటుంబంలో గేములు పంచుకోవడానికి స్టీమ్ ఫ్యామిలీస్ ఉంది కదా అంటారు. ఉంది. 2024 సెప్టెంబరు నుంచి అందరికీ వచ్చింది. ఆరుగురి దాకా ఉండొచ్చు, ఎవరి అకౌంట్ వాళ్లది, ఎవరి సేవ్ వాళ్లది. వేర్వేరు గేములైతే ఒకేసారి అందరూ ఆన్‌లైన్‌లోనే ఆడొచ్చు. ఒకే గేము ఇద్దరు ఆడాలంటే మాత్రం రెండు కాపీలుండాలి. ఇంట్లో అన్నదమ్ములకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఆ తమ్ముడు సొంత అకౌంట్‌తో ఫ్యామిలీలో ఉండి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. కానీ ఇందులోనూ తెలుసుకోవాల్సిన మెలికలున్నాయి. ఇది ఒకే ఇంట్లో ఉండే దగ్గరి కుటుంబం కోసమని వాల్వ్ చెబుతుంది, వాడకాన్ని గమనిస్తామనీ నిబంధనలు మార్చవచ్చనీ అంటుంది. కాబట్టి గాజువాక నుంచి మధురవాడ దాకా పరుచుకున్న "కుటుంబం" ఎల్లకాలం నడుస్తుందన్న హామీ లేదు. వేరే అకౌంట్ లేదా సబ్‌స్క్రిప్షన్ అడిగే గేములు కొన్ని ఇందులో పంచుకోవడానికి రావు. ముఖ్యంగా, మీ కాపీతో ఆడుతూ ఇంకొకడు చీట్ చేసి దొరికితే, వాడితోపాటు ఆ గేములో మీకూ బ్యాన్ పడుతుంది. అయితే మిగతా సభ్యులకి ఆ దెబ్బ తగలదు. పాస్‌వర్డ్ పంచుకోవడంతో పోలిస్తే పెద్ద తేడా అక్కడే.

ఇప్పటికే ఇలాంటి అకౌంట్‌లో ఉన్నవాళ్లు, గొడవ రాకముందే విడిపోవడం మేలు. మొదటి ఈమెయిల్ ఎవరిదో, మొదటి కొనుగోలు ఎవరు చేశారో వాళ్లకే అకౌంట్ వదిలేయండి. రేపు సపోర్ట్‌తో మాట్లాడాల్సి వస్తే నిలబడగలిగేది వాళ్లొక్కరే. అకౌంట్‌ని బయట అమ్మి డబ్బు పంచుకుందామనే ఆలోచన వద్దు. అమ్మకం నిబంధనలకి విరుద్ధం, కొన్నవాడు మళ్లీ మీ మీదే పడతాడు. పంచుకోగలిగింది ఏదైనా ఉంటే అది బ్యాన్ లేని అకౌంట్‌లోని స్కిన్లే. వాటిని ఎవరి అకౌంట్‌కి వాళ్లు ట్రేడ్ చేసుకోవచ్చు. కొత్తగా కొన్నవైతే ట్రేడ్ అవడానికి కొన్ని రోజులు ఆగాలి.

తర్వాత అకౌంట్ ఉంచుకున్నవాడు చేయాల్సిన పని వరసగా ఉంది. ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్, దాని తర్వాత స్టీమ్ పాస్‌వర్డ్ మార్చాలి. ఈ వరస తిరగబడితే, పాత ఈమెయిల్ పాస్‌వర్డ్ తెలిసినవాడు కొత్త స్టీమ్ పాస్‌వర్డ్‌ని మళ్లీ మార్చేయగలడు. స్టీమ్ గార్డ్‌ని తన ఫోన్‌లోకి తెచ్చుకోవాలి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద `Authorized Devices` అని ఉంటుంది. అక్కడ లాగిన్ అయి ఉన్న కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ కనపడతాయి. తనవి కానివన్నీ తీసేయాలి. సేవ్ చేసి ఉన్న కార్డులు తొలగించాలి, ముఖ్యంగా ఎవరి నాన్నగారివైనా ఉంటే. పర్చేజ్ హిస్టరీ పేజీని దాచుకుని, ఏ కొనుగోలుకి ఎవరు డబ్బు కట్టారో పక్కన రాసుకోవాలి. వారం తర్వాత ఆ డివైసుల పేజీ మళ్లీ ఒకసారి తెరిచి, తెలియని కంప్యూటర్ ఏదైనా కొత్తగా వచ్చిందేమో చూసుకోవాలి.